వెయ్యని రెండో స్లైడు

ఆ స్లైడు నీలం రంగులో ఉండేది. నీలం మీద తెల్లటి గీతలు. మా ఫార్మకాలజీ ప్రొఫెసరుగారు డ్రాయింగు షీటు మీద స్వయంగా గీసి, ఫొటో తీయించి, అట్ట చట్రంలో బిగించి పెట్టారు. అడ్డంగా కాలం, నిలువుగా రక్తంలో మందు ఎంతుందో. ఎడమవైపు నేల నుంచి మొదలై, రంపపు పళ్లలాగా లేస్తూ పడుతూ, ప్రతిసారీ ముందుకన్నా కొంచెం ఎత్తుకి లేస్తూ, రాను రాను నెమ్మదించి, చివరికి ఒకే ఎత్తులో ఊగుతూ నిలిచిపోయే గీత. తొంభైల్లో విశాఖపట్నం మెడికల్ కాలేజీలో ట్యూటరుగా చేరిన నేను ఆ గీతని ఏటా రెండో సంవత్సరం పిల్లలకి చూపించేవాణ్ని. బాగా చెప్తానని పేరు కూడా వచ్చింది. ఆ పేరు నాకు ఇష్టంగా ఉండేది.

ఎంతమందికి చూపించినా, దాన్ని చూసి యారాడ కొండలా ఉందన్నవాడు ఒక్కడే. అతను డాక్టరు కాదు. యారాడలో పుట్టి, ఫిషింగ్ హార్బరు నుంచి మరబోటు మీద వేటకెళ్లే మనిషి. మేం ఇద్దరం వన్‌టౌనులో ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. వాళ్ల పిన్ని ఇంట్లో ఉండి చదువుకునేవాడు. తొమ్మిదిలో బడి మానేసి సముద్రం మీదకి పోయాడు. మా కులాలు వేరు, చుట్టరికం లేదు. అయినా నన్ను బావా అనేవాడు. మా నాన్న పోర్టులో గుమాస్తా. ఆ పిలుపు విని మొదట్లో మొహం చిట్లించేవాడు. తరవాత అలవాటు పడ్డాడు. నేను డాక్టరునయ్యాక కూడా అతను హార్బరు గేటు దగ్గర నలుగురిలో "బావోయ్!" అని అరిచేవాడు. అప్పుడు నాకు కొంచెం సిగ్గుగా ఉండేదని ఒప్పుకోవాలి. ఇప్పుడు ఆ కేక కోసం చెవులు కోసుకుంటాను.

ముప్ఫై ఏళ్లప్పుడు అతనికి మూర్ఛ వచ్చింది. మొదటిది ఇంటి అరుగు మీద. రెండోది జెట్టీ మీద, వల సర్దుతుండగా. పక్కనున్నవాళ్లు పట్టుకోబట్టి నీళ్లలో పడలేదు. వాళ్లు దానికి ఎండదెబ్బ అని పేరు పెట్టుకుని ఊరుకున్నారు. అతని భార్య ఊరుకోలేదు, నా దగ్గరికి లాక్కొచ్చింది. నేను మెడిసిన్ విభాగంలో చీఫ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పరీక్షలన్నీ చేయించి, రాత్రిపూట వేసుకోమని ఫినోబార్బిటోన్ మాత్రలు రాశారు. రాసి, కలం మూత పెట్టి అన్నారు.

"సముద్రం వద్దు. రెండేళ్లు ఒక్క ఫిట్ కూడా లేకుండా గడిస్తే అప్పుడు మాట్లాడదాం."

బయటికొచ్చాక మెట్ల మీద అతను చాలాసేపు కూర్చున్నాడు.

"రెండేళ్లా! ఒడ్డున నాకు నిద్ర పట్టదు బావా. మంచం కదలదు" అన్నాడు.

అతని భార్య నవ్వింది. "నాను ఊపుతాన్లే, తొంగో" అంది. అతను నవ్వలేదు.

మాత్రలు మొదలుపెట్టిన అయిదోరోజు పొద్దున మళ్లీ ఫిట్ వచ్చింది. ఇంట్లోనే. ఆ రోజు మధ్యాహ్నమే అతను కాలేజీకి వచ్చేశాడు. నేను క్లాసులో ఉన్నాను. వరండాలో నిలబడితే ఎవరో అటెండరు కసిరాడట. తలుపు తోసుకుని లోపలికొచ్చి, చీకట్లో ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. అది ఆ నీలం స్లైడు క్లాసు. నేను చూశాను, చెయ్యి ఊపాను, ఆపలేదు. కొంచెం గొంతు పెంచాను కూడా అనుకుంటాను. అతను చూస్తున్నాడు కదా అని.

"వంద మిల్లీగ్రాముల మందు రక్తంలోకి ఇచ్చాం" అన్నాను. "ఒక హాఫ్ లైఫ్ గడిచింది. ఎంత మిగిలింది?"

"యాభై సార్!"

"ఇప్పుడు ఇంకో వంద."

"నూట యాభై."

"మళ్లీ ఒక హాఫ్ లైఫ్ పోయింది."

"డెబ్బై అయిదు."

"ఇంకో వంద ఇచ్చాం. నూట డెబ్బై అయిదు. అందులో సగం ఎనభై ఏడున్నర. మళ్లీ వంద."

వెనక నుంచి ఒకడు, "ఇలా వేస్తూ పోతే పేషెంటు మెడికల్ షాపు అయిపోతాడు సార్" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆఖరి బెంచీలో నా స్నేహితుడు కూడా నవ్వాడు.

"అవడు" అన్నాను. వెదురు పుల్లతో తెర మీద గీత వెంట పాకుతూ చెప్పాను. "ఒంట్లో మందు ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ బయటికి పోతుంది. కొంచెం ఉన్నప్పుడు కొంచెం పోయింది. రెండు వందలకి చేరేసరికి రెండు మోతాదుల మధ్య పోయేది సరిగ్గా వంద. మనం వేసేదీ వంద. ఇక పెరగదు. పైన రెండు వందలు, కింద వంద, ఆ మధ్యే ఊగుతుంది. అదే స్టెడీ స్టేట్. చేరడానికి నాలుగైదు హాఫ్ లైఫులు పడుతుంది."

"డోసు డబుల్ చేస్తే తొందరగా చేరుతుందా సార్?"

"చేరదు. ఎత్తు డబుల్ అవుతుంది, పట్టే టైము అంతే. అంత తొందరైతే మొదట్లోనే ఒక పెద్ద మోతాదు వేస్తాం. అది తరవాత చెప్తాను."

ముందు వరసలో ఒక అమ్మాయి ఉండేది. ఎప్పుడూ అక్కర్లేని ప్రశ్న అడుగుతుందని నాకు అనిపించేది. ఆ రోజూ లేచింది.

"ఆపేస్తే ఏమవుతుంది సార్?"

బెల్లు కొట్టారు.

ఆ ప్రశ్నకి రెండో స్లైడు ఉంది. ప్రొఫెసరుగారే గీశారు. మందు మానేశాక గీత ఎలా పడుతుందో అందులో ఉంటుంది. అది ట్రేలో, మొదటిదాని పక్క గాడిలోనే ఉండేది. కానీ పరీక్షల్లో అడిగేది స్టెడీ స్టేట్. క్లాసు ఆ ఎత్తు మీద ఆపితే అందంగా ఉండేది. పైగా మా ప్రొజెక్టరు బల్బు వేడెక్కి మాడిపోయేది, కొత్తది రావాలంటే నెలలు. అందుకని ఏ ఏడూ నేను రెండో స్లైడు వెయ్యలేదు.

"ఎక్కడానికి ఎంత పట్టిందో దిగడానికీ అంతే. మిగతాది పుస్తకంలో చూసుకో" అన్నాను. పిల్లలు లేచి పోయారు.

అతను ఒక్కో మెట్టూ దిగి తెర దగ్గరకొచ్చాడు. మొహం ఇంకా వాడి ఉంది. నాలుక అంచున పొద్దున కొరుక్కున్న గాటు, మాట కొంచెం ముద్దగా వస్తోంది.

"ఏటి బావా, యారాడ కొండని ఇక్కడ పెట్టేసినావు?"

"కొండేమిటి?"

"బోటు మీద తూర్పు నుంచి వొచ్చినప్పుడు సూడు. ఇలాగే లేత్తాది, లేత్తాది, పైన సదును. అది కనిపిత్తే ఇంటికొచ్చీసినట్టే. సరే గానీ, ఆ డాక్టరు బాబు మందు పని సెయ్యట్లేదు. మానేద్దామనొచ్చాను."

నేను ప్రొజెక్టరు ఆపకుండా అతన్ని ముందు బెంచీలో కూర్చోబెట్టాను. ఆ అరగంట నాకు ఇప్పటికీ బాగా జ్ఞాపకం. కిటికీలకి నల్ల గుడ్డలు, మిషను ఫ్యాను రొద, తెర మీద నీలం వెలుగు, అతని మొహం మీద అదే నీలం. అతనికి చెప్పినంత శ్రద్ధగా నేను ఏ క్లాసుకీ చెప్పలేదు.

"నీ మాత్ర హాఫ్ లైఫు దాదాపు నాలుగు రోజులు. మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ. నువ్వు రోజుకొకటి వేస్తున్నావు, ఒంట్లోంచి పోయేది నెమ్మది. అందుకని ఈ రంపపు పళ్లు నీకు ఇంత పెద్దవి ఉండవు. చిన్న చిన్న అలలు."

"కెరటాలు కావు. గాలి నేని రోజు నీళ్లలాగ."

"అదే. ఇదిగో, ఈ చుక్కల గీత చూడు. నీ మందు దీని పైకి లేస్తే ఫిట్లు ఆగుతాయి. దీని కింద ఉంటే ఒంట్లో ఉన్నా లేనట్టే. నువ్వు నాలుగురోజులే వేశావు. అంటే ఇక్కడున్నావు, సగం ఎత్తులో. చుక్కల గీత ఇంకా అందలేదు. మూడు వారాలు పడుతుంది పైకెక్కడానికి."

అతను లేచి వెళ్లి తెర మీద ఆ చోట వేలు పెట్టాడు. వేలి నీడ గీతని కప్పేసింది.

"అంటే నాను సగం కొండెక్కీసి, పైనేటీ నేదని దిగిపోతన్నానన్నమాట."

"అంతే."

"మరా డాక్టరు బాబు ఈ ముక్క సెప్పలేదేటి?"

"ఆయనకి బయట రెండొందల మంది ఉంటారు."

"నీకు నేరు కదా. అందుకే బావవి" అన్నాడు. ఆ మాటకి నేనెంత ఉబ్బిపోయానో చెప్పలేను.

తరవాత అడిగాడు. "ఓ రేత్రి మర్సిపోతే?"

"నీ మందుకి పెద్దగా ఏం కాదు. గీతకి చిన్న నొక్కు పడుతుంది, అంతే. మర్నాడు మామూలుగా వేసుకో."

"ఆపీత్తే?"

నా చెయ్యి అప్పటికే స్విచ్చి మీద ఉంది. ట్రేలో పక్క గాడిలోనే రెండో స్లైడు ఉంది. ఒక్క మీట నొక్కితే తెర మీదకి వచ్చేది.

"దిగడానికీ మూడు వారాలే" అని స్విచ్చి ఆపేశాను.

నేను చెప్పింది అబద్ధం కాదు. మందు ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి అంత కాలం పడుతుంది. కానీ మొదటి నాలుగురోజుల్లోనే సగం పోతుంది. ఎనిమిదో రోజుకి పావువంతు. చుక్కల గీతని ఎప్పుడో మొదట్లోనే దాటేస్తుంది. ఆ తరవాత రెండు వారాలు మిగిలేది పేరుకే. పైగా ఈ మందుని ఉన్నపళంగా ఆపితే, ఆపడమే ఫిట్లని రేపుతుంది. ప్రతి పుస్తకంలో ఉన్న సంగతి. నేనే పిల్లల పరీక్షలో ప్రశ్నగా ఇచ్చిన సంగతి.

అతను మాత్రలు మానలేదు. మూడు వారాలయ్యాయి, ఫిట్లు రాలేదు. ఒకరోజు బాదం ఆకులో చుట్టి కానాగంతలు తెచ్చి, మా డిపార్టుమెంటు బల్ల మీద పెట్టాడు. గదంతా చేపల వాసన. ప్రొఫెసరుగారు ముక్కు మూసుకుని నవ్వారు.

"కొండెక్కీసినాను బావా" అన్నాడు. ఆ తరవాత తల వంచుకుని, "మరి వేటకి?" అన్నాడు.

రెండేళ్లని చీఫ్ చెప్పారు కదా అని నేను గట్టిగా అనాల్సింది. మందు స్థాయి నిలబడటం వేరు, జబ్బు కట్టడి అయిందని నమ్మకం కుదరడం వేరు అని చెప్పాల్సింది. ఆ మొహం చూసి చెప్పలేకపోయాను. ఆశ పెట్టేవాడిగా ఉండటం నాకు బాగుంది. "ఇప్పుడు బాగానే ఉందిగా, చూద్దాంలే" అన్నాను.

నేను చూడకముందే అతను వెళ్లిపోయాడు. బోటు నడిపే సరంగు తెలిసినవాడు, ఒక కళాసీ జ్వరంతో దిగిపోయాడు, బోటు పది పన్నెండు రోజుల వేటకి బయల్దేరుతోంది. ఎక్కేశాడు.

నాకు తెలిసింది అతని భార్య ఏడుస్తూ డిపార్టుమెంటుకి వచ్చినప్పుడు. "అన్నయ్యా, బోటు వెనక్కొచ్చీసింది. ఆసుపత్రిలో పడీసినారు" అంది.

మగవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం. కుడి భుజం ఎముక విరిగి కట్టు కట్టారు. నుదుటి మీద కుట్లు. ఫిట్ వచ్చినప్పుడు వల లాగే ఇనప చట్రం మీద పడ్డాడు. ఒకటి తగ్గకుండానే ఇంకొకటి వచ్చింది. వేట సగంలో వదిలేసి బోటు తిప్పుకొచ్చారు. అతను కళ్లు తెరిచి నన్ను చూసి, ఎడమచేత్తో మంచం అంచు మీద తట్టాడు, కూర్చోమని.

"మాత్రలు వేసుకోలేదా?" అన్నాను.

"ఇంట్లో వొదిలీసినాను. బోటు మీద అందరి ముందూ మింగితే ఏటి రోగమంటారు. సరంగుకి తెలిత్తే ఒడ్డునే దింపీసీవోడు. మత్తుగా ఉంటాది కదా, రేత్రి కాపలా ఎలాగ?" ఆగి ఊపిరి తీసుకున్నాడు. "పది రోజులే కదా. దిగడానికి మూడు వారాలన్నావు. ఒడ్డుకొచ్చీసి మళ్లీ మొదలెడదామనుకున్నాను."

అతని గొంతులో నింద లేదు. లెక్క ఎక్కడ తప్పిందో తెలుసుకోవాలని ఉంది, అంతే. నన్ను తెర దగ్గర అడిగినట్టే అడిగాడు. లెక్క నాకు అక్కడికక్కడే అర్థమైంది. అతను నా మాటని నాకంటే జాగ్రత్తగా పట్టుకున్నాడు. ఎక్కినదంతా దిగేదాకా కొండమీదే ఉన్నట్టనుకున్నాడు.

నేను జవాబు చెప్పేలోపు రౌండ్స్ వచ్చాయి. చీఫ్, అసిస్టెంట్లు, హౌస్ సర్జన్లు, వాళ్ల వెనక తెల్లకోట్లలో రెండో సంవత్సరం పిల్లలు. ఆ ముందు వరస అమ్మాయి కూడా. నేను లేచి నిలబడ్డాను.

చీఫ్ కేసు షీటు చూసి మండిపడ్డారు. "మందు మానేసి సముద్రం మీదకి! ఎవడు చెప్పాడయ్యా నీకు మానెయ్యొచ్చని?"

అతను నా వైపు చూశాడు.

అంత పొడుగు చూపు నేను మళ్లీ ఎరగను. వార్డులో ఎవరో దగ్గుతున్నారు. స్టీలు ట్రేలో సిరంజిలు చప్పుడయ్యాయి. నేను చెప్పాలి. సార్, నేను చెప్పాను, సగం చెప్పాను, అని ఒక్క మాట. నోటిదాకా వచ్చింది. పిల్లలు ఉన్నారు. ఆ నెలలోనే నా ప్రమోషను ఫైలు చీఫ్ కూర్చునే కమిటీ ముందుకి వెళ్లాలి. తరవాత ఆయన గదికి వెళ్లి విడిగా చెప్తాననుకున్నాను.

"ఎవులూ సెప్పలేదు బాబూ" అన్నాడు అతను. "నా బుర్రే."

"బుర్రుంటే కదా" అన్నారు చీఫ్. పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. నా వైపు చూసినట్టు అనిపించింది. చూడలేదేమో కూడా.

గదికి వెళ్లి విడిగా ఎప్పుడూ చెప్పలేదు.

డిశ్చార్జి రోజున సంచీ సర్దుకుని, భార్య భుజం ఆసరాతో మెట్లు దిగుతూ అతను ఆగాడు. చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు.

"ఎల్లొత్తానండీ, డాక్టరుగారూ."

మొదట వేళాకోళం అనుకున్నాను. అతని భార్య తల తిప్పుకుంది. అప్పుడు అర్థమైంది.

హార్బరంతా సంగతి పాకింది. ఏ సరంగూ అతన్ని ఎక్కించుకోలేదు. వాళ్లని తప్పు పట్టలేం. నడిసముద్రంలో అలాంటి మనిషిని పట్టుకుని బోటు తిప్పుకురావడం ఎవరికి ఇష్టం? అతను యారాడ వెళ్లిపోయి, ఒడ్డున నిలబడి పెద్ద వల తాడు లాగే జట్టులో చేరాడని విన్నాను. యారాడ ఎంత దూరం? గాజువాక వైపు తిరిగి, కొండెక్కి దిగితే ఊరు. మా మేడ మీద నుంచి ఆ కొండ కనిపిస్తుంది. రోజూ కనిపించేది. నేను వెళ్లలేదు. ప్రమోషను వచ్చింది. పని ఎక్కువైంది. ఇల్లు కట్టుకున్నాను. ఇవన్నీ నిజమే. ఇవేవీ కారణం కాదు. అతను మళ్లీ డాక్టరుగారూ అంటే వినలేనని వెళ్లలేదు.

కొత్త శతాబ్దం వచ్చాక కాలేజీకి కంప్యూటరూ, దానికి తగిలించే ప్రొజెక్టరూ వచ్చాయి. పాత స్లైడు డబ్బాలు అటక ఎక్కించమన్నారు. ఆ రోజు నేను ఒక్కణ్నే కూర్చుని డబ్బా తెరిచాను. మొదటి స్లైడు మూలలు నా వేళ్లకి మాసి నల్లబడి ఉన్నాయి. రెండోది కొత్తదానిలా మెరుస్తోంది. దాని మీద నా వేలిముద్ర ఒక్కటీ లేదు. రెండూ చొక్కా జేబులో వేసుకున్నాను.

ఆ ఏడు నా క్లాసు తారుమారైంది. రంపపు గీత తొందరగా ఎక్కించేసి, మిగిలిన సమయమంతా దిగే గీతకే ఇచ్చాను. "మందు ఒంట్లో ఉండటం వేరు, పని చేసేంత ఉండటం వేరు. పేషెంటు మిమ్మల్ని మానేస్తే ఏమవుతుందని అడిగితే, అతను ఎందుకు అడుగుతున్నాడో ముందు కనుక్కోండి" అన్నాను. ఒకడు వెనక నుంచి, "ఇది ఎగ్జాంలో వస్తుందా సార్?" అన్నాడు. రాదన్నాను. పెన్నులు కింద పెట్టేశారు.

ఆ ఆదివారం యారాడ వెళ్లాను.

ఒడ్డున వల లాగడం అప్పుడే మొదలైంది. వల రెండు కొసల తాళ్లనీ రెండు జట్లు పట్టుకుని, నడుములు వెనక్కి వాల్చి, పాదాలు ఇసకలో గుచ్చి, అడుగు వెనక అడుగుగా లాగుతున్నారు. అతను ఎడమ జట్టులో అందరికంటే వెనక ఉన్నాడు. జుట్టు నెరిసింది. కుడి భుజం కొంచెం కిందికి దిగి ఉంది. బరువంతా ఎడమచేతి మీదే తీసుకుంటున్నాడు. నన్ను చూసి తాడు పక్కవాడికి అప్పగించి వచ్చాడు.

"రండి డాక్టరుగారూ. ఇలాగొచ్చారేటి?"

పడవ నీడలో కూర్చున్నాం. మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగాను. రోజూ అన్నాడు. ఒక్క రాత్రి తప్పలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక్క ఫిట్ కూడా రాలేదు.

"రెండేళ్లు ఎప్పుడో నిండిపోనాయి. నిండి ఏటి లాభం? ఎవుడెక్కించుకుంటాడు? పొద్దున్నే బోట్లన్నీ కొండ దాటి బయిటికెల్తాయి కదా, పైకెక్కి సూసొత్తాను." చెప్పి, ఇసక తీసి ఇంకో చేతిలో పోసుకున్నాడు. "ఇప్పుడు కూడా పడుకుంటే నిద్ర పట్టదండీ."

జేబులోంచి రెండో స్లైడు తీసి ఇచ్చాను. ఎలా చూడాలో చెప్పక్కర్లేకపోయింది. ఒక కన్ను మూసి, స్లైడుని సూర్యుడికెదురుగా పట్టుకున్నాడు. అతని చెంప మీద చిన్న నీలం మచ్చ పడింది.

"ఇది అప్పటి కొండ కాదే."

"మందు మానేశాక ఇలా ఉంటుంది. ఆ రోజు నీకు చూపించాల్సింది. పక్కనే ఉంది. చూపించలేదు."

అతను చాలాసేపు చూశాడు. వేలిగోటితో గీత మొదటి భాగం తడిమాడు.

"ఇక్కడే జారిపోతాదన్నమాట. మొదట్లోనే."

"అవును. సగం అక్కడే పోతుంది. నేను మూడు వారాలన్నాను. వార్డులో చీఫ్ అడిగినప్పుడు కూడా నోరు విప్పలేదు."

ఇలా చెప్పాలని ఎన్నేళ్లు సాధన చేశానో, చెప్పడానికి అన్ని క్షణాలు కూడా పట్టలేదు.

అతను స్లైడు నా చేతిలో పెట్టాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"తెల్సండీ. మీరే సెప్తారని ఆ రోజు సూసాను. మీరు సెప్తే నాకేటొచ్చీది? బోటొచ్చీదా? రాదు. అయినా సూసాను."

అతని భార్య బుట్ట నెత్తిన పెట్టుకుని అటుగా వచ్చి, నన్ను చూసి ఆగింది. "అన్నయ్యా, సిక్కిపోనావేటి?" అంది. ఆమె పిలుపు మాత్రం మారలేదు. అది విన్నాక ఆమె మొహంలోకి చూడలేకపోయాను. అతను సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు.

"మరిప్పుడు నాను ఎక్కడున్నానండీ? ఆ మొదటి దాన్లో" అన్నాడు.

"పైన. ఇన్నేళ్లుగా పైనే ఉన్నావు. రోజూ ఎంత పోతుందో అంత వేస్తున్నావు కాబట్టి."

"ఓ వారం మానేత్తే?"

"నాలుగు రోజులకే సగం పోతుంది. ఫిట్ వస్తుంది. మానకు. ఒక్కసారిగా అసలు మానకు. మానాల్సొస్తే డాక్టరు కొంచెం కొంచెంగా నెలల తరబడి తగ్గించాలి."

తలూపాడు. "ఇప్పుడు తిన్నగా సెప్పారు" అన్నాడు. అది మెచ్చుకోలో, దెబ్బో నాకు తెలియలేదు. రెండూ నాకు చెల్లుతాయి.

వల ఒడ్డుకి దగ్గరపడింది. నీళ్లు బుసబుసమంటున్నాయి, వెండి మెరుపులు కనిపిస్తున్నాయి. అతను లేచి ఇసక దులుపుకున్నాడు. "ఉండండి, సేపలు పట్టుకెల్దురు" అన్నాడు. బస్సుకి టైమవుతోందని చెప్పాను. నిజానికి కాలేదు. అతను మళ్లీ తాడు దగ్గరికి వెళ్లి, అందరికంటే వెనక తన చోట్లో నిలబడ్డాడు.

నేను ఇసక దాటి రోడ్డు మీదకి వచ్చాను. చెప్పులు దులుపుకుంటున్నాను.

"బావోయ్! ఇటు రా, ఇటు!"

అదే గొంతు. హార్బరు గేటు దగ్గర నలుగురిలో నన్ను సిగ్గుపడేలా చేసిన కేక. చెప్పు చేత్తో పట్టుకునే గబుక్కున వెనక్కి తిరిగాను.

అతను కుడి జట్టు వైపు చూస్తూ చెయ్యి ఊపుతున్నాడు. ఆ చివరనున్న మనిషి తాడు భుజాన వేసుకుని అతని దగ్గరికి పరిగెడుతున్నాడు. రెండు జట్లూ దగ్గరకి జరుగుతున్నాయి, వల మూస్తున్నారు.

నేను కాసేపు అలాగే నిలబడ్డాను, మళ్లీ పిలుస్తాడేమోనని.